ఆర్‌టీజీఎస్, నెట్ సెటిల్‌మెంట్: పెద్ద మొత్తాలు పంపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్ళు ఒక బ్యాంకులో నిధుల బదిలీ విభాగంలో పనిచేశాను. రిటైరయ్యాక కూడా బంధువులు, పాత ఖాతాదారులు ఇల్లు కొనేటప్పుడో స్థలం అమ్మేటప్పుడో ఫోన్ చేసి ఇవే సందేహాలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్ళు నేరుగా చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌టీజీఎస్ అనగానే ప్రభుత్వ రియల్ టైమ్ గవర్నెన్స్ సొసైటీ గుర్తొచ్చేవాళ్ళు ఉన్నారు. ఇది దాని గురించి కాదు, బ్యాంకుల్లో డబ్బు పంపే రియల్ టైమ్ గ్రాస్ సెటిల్‌మెంట్ గురించి.

## అసలు తేడా

ఆర్‌టీజీఎస్ అంటే కాస్త తొందరగా వెళ్ళే నెఫ్ట్, అంతే కదా?

కాదు. వేగం పైకి కనిపించే తేడా మాత్రమే. అసలు తేడా బ్యాంకులు తమలో తాము లెక్క ఎలా తీర్చుకుంటాయన్న దాంట్లో ఉంది.

మీరు డబ్బు పంపితే రెండు పనులు జరగాలి. మొదటిది, మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు ఆ సొమ్ము ఇవ్వాలి. రెండోది, అవతలి బ్యాంకు దాన్ని తన ఖాతాదారు ఖాతాలో వేయాలి. మనకు కనిపించేది రెండోదే. మొదటిదాన్ని సెటిల్‌మెంట్ అంటారు. దేశంలోని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఖాతాలుంటాయి. ఒక బ్యాంకు ఖాతాలో తగ్గించి ఇంకో బ్యాంకు ఖాతాలో పెంచితే సెటిల్‌మెంట్ అయినట్టు.

ఆర్‌టీజీఎస్‌లో ఈ తగ్గించడం, పెంచడం మీ ఒక్క లావాదేవీ కోసమే, మొత్తం సొమ్ముకూ, అప్పటికప్పుడు జరుగుతుంది. మీరు 48 లక్షలు పంపితే రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లో సరిగ్గా 48 లక్షలు మీ బ్యాంకు నుంచి అవతలి బ్యాంకుకు మారతాయి. ‘గ్రాస్’ అన్నది అందుకే: దేనికదే, పూర్తిగా.

నెఫ్ట్‌లో మీ 48 లక్షలు వేలాది ఇతర లావాదేవీలతో కలిసి ఒక బ్యాచ్‌లోకి వెళ్తాయి. బ్యాచ్ ముగిశాక ఏ బ్యాంకు ఎంత ఇవ్వాలి, ఎంత రావాలి అని కూడికలు, తీసివేతలు చేసి మిగిలిన తేడాను మాత్రమే మారుస్తారు. దీన్నే డిఫర్డ్ నెట్ సెటిల్‌మెంట్ అంటారు.

‘నెట్’ అంటే ఇంటర్నెట్ ద్వారా పంపడమా?

ఈ ప్రశ్న చూసి నవ్వకండి, చదువుకున్నవాళ్ళే అడిగారు. ఇక్కడ ‘నెట్’ అంటే నికరం. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: చెల్లుకు చెల్లు. నేను మీకు వంద ఇవ్వాలి, మీరు నాకు ఎనభై ఇవ్వాలి. చెల్లుకు చెల్లు పోగా నేను ఇరవై ఇస్తే సరిపోతుంది. పేకాటలో ప్రతి ఆటకూ డబ్బు తీయకుండా కాగితం మీద రాసుకుని చివర్లో లెక్క చూసుకుంటారు చూడండి, అదే పద్ధతి. ‘డిఫర్డ్’ అన్నది ఆ చివరి వరకూ ఆగడం.

అంకెలతో ఒకసారి చూపిస్తారా?

మూడు బ్యాంకులు అనుకుందాం: క, గ, చ. ఒక బ్యాచ్‌లో వాటి ఖాతాదారులు ఒకరికొకరు పంపుకున్నవి కోట్లలో ఇవి.

క నుంచి గకు 100, చకు 45.
గ నుంచి కకు 80, చకు 60.
చ నుంచి గకు 50, కకు 40.

మొత్తం 375 కోట్లు. ఇప్పుడు చెల్లుకు చెల్లు వేద్దాం. క ఇవ్వాల్సింది 145, రావాల్సింది 120, కాబట్టి 25 బాకీ. గ ఇవ్వాల్సింది 140, రావాల్సింది 150, కాబట్టి 10 వస్తుంది. చ ఇవ్వాల్సింది 90, రావాల్సింది 105, కాబట్టి 15 వస్తుంది. క బ్యాంకు 25 కోట్లు తెచ్చి పెడితే 375 కోట్ల చెల్లింపులన్నీ తీరిపోతాయి.

ఇదే ఆర్‌టీజీఎస్ అయితే ఆరు చెల్లింపులూ విడివిడిగా జరగాలి. క బ్యాంకు గకు 100 కోట్లు పంపాలంటే ఆ క్షణంలో దాని ఖాతాలో 100 కోట్లు ఉండాలి. ‘మధ్యాహ్నానికి నాకు 120 వస్తాయిలే’ అంటే కుదరదు.

నెట్ పద్ధతి ఎంత చవకో దీన్ని బట్టి తెలుస్తుంది. ప్రపంచంలో బ్యాంకులు చాలాకాలం దాన్నే పట్టుకుని ఉండటానికి కారణమూ ఇదే.

యూపీఐలో రెండు సెకన్లలో పడుతుంది. అంటే అదే కదా అసలైన రియల్ టైమ్?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. ఎదుటి మనిషికి సొమ్ము చేరే వేగం ఒకటి, బ్యాంకుల మధ్య సెటిల్‌మెంట్ మరొకటి.

యూపీఐలో కూరగాయల బండి దగ్గర మీరు స్కాన్ చేయగానే ఆయన ఖాతాలో డబ్బు పడుతుంది. కానీ మీ బ్యాంకు ఆయన బ్యాంకుకు ఇంకా ఏమీ ఇవ్వలేదు. ఆయన బ్యాంకు తన దగ్గరున్న సొమ్ములోంచి ముందే ఆయనకు ఇచ్చేసింది. ఆ తర్వాత యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ రోజుకు కొన్ని విడతలుగా అన్ని బ్యాంకుల లెక్కలూ చెల్లుకు చెల్లు వేసి, నికర బాకీలను రిజర్వ్ బ్యాంకుకు పంపిస్తుంది. ఆ నికర బాకీలు తీరేది ఆర్‌టీజీఎస్ వ్యవస్థలోని ఖాతాల్లోనే. ఐఎంపీఎస్ కూడా ఇంతే. అంటే యూపీఐ మనుషుల మధ్య రియల్ టైమ్, బ్యాంకుల మధ్య డిఫర్డ్ నెట్.

మధ్యలో ఉన్న ఆ కాసేపు ఆయన బ్యాంకు మీ బ్యాంకుకు అప్పు ఇచ్చినట్టే. అప్పు చిన్నదైతే పరవాలేదు. అందుకే యూపీఐలో మామూలు చెల్లింపుకు లక్ష రూపాయల హద్దు పెట్టి, కొన్ని రకాల చెల్లింపులకే ఎక్కువ అనుమతిస్తారు. ఐఎంపీఎస్‌కు 5 లక్షల హద్దు. అంతేకాక ఒక్కో బ్యాంకు నికరంగా ఎంత వరకు బాకీ పడవచ్చో గరిష్ఠ పరిమితి ఉంటుంది, ఎవరైనా కట్టలేకపోతే ఆదుకోవడానికి హామీ ఏర్పాటూ ఉంటుంది. ఆర్‌టీజీఎస్‌లో అలాంటి అప్పే పుట్టదు కాబట్టి దానికి పై హద్దు పెట్టలేదు.

## పెద్ద మొత్తాలకు ఇదే ఎందుకు

చివర్లో లెక్క చూసుకుంటే వచ్చే ప్రమాదం ఏంటి? బ్యాంకులు ఎగ్గొడతాయా?

ఎగ్గొట్టాలని ఎవరూ అనుకోరు. కానీ లెక్క తేలే వేళకు ఒక బ్యాంకు దగ్గర డబ్బు లేకపోవచ్చు, లేదా అప్పటికే దాన్ని మూసేసి ఉండవచ్చు.

మూడు బ్యాంకులు ఒక విడతలో ఇలా పంపుకున్నాయనుకోండి, కోట్లలో: క నుంచి గకు 100, చకు 45, గ నుంచి కకు 80, చకు 60, చ నుంచి గకు 50, కకు 40. నికరంగా క 25 కట్టాలి. గకు 10, చకు 15 రావాలి. సాయంత్రం క బ్యాంకు చేతులెత్తేసింది. పోయింది 25 కోట్లే కదా అనిపిస్తుంది. అక్కడితో ఆగదు.

పాత నెట్ వ్యవస్థల్లో ఇలాంటప్పుడు చేసే పని ఏంటంటే, ఆ బ్యాంకు పేరున్న చెల్లింపులన్నీ తీసేసి లెక్క మళ్ళీ మొదటినుంచి వేయడం. దీన్ని అన్‌వైండింగ్ అంటారు. క పేరున్నవన్నీ కొట్టేస్తే మిగిలేవి రెండే: గ నుంచి చకు 60, చ నుంచి గకు 50. ఇప్పుడు గ బ్యాంకు 10 కోట్లు కట్టాలి! ఉదయం నుంచీ పది కోట్లు వస్తాయని చూస్తున్న బ్యాంకు, ఒక్క దెబ్బకు పది కోట్లు బాకీ పడింది. 20 కోట్ల తేడా. తాను ఏ తప్పూ చేయలేదు. ఆ పది కోట్లు దాని దగ్గర లేకపోతే దాని పేరు కూడా కొట్టేసి లెక్క మళ్ళీ వేయాలి. ఇలా ఒకదాని వెంట ఒకటి పడిపోయే ప్రమాదాన్నే సిస్టమిక్ రిస్క్ అంటారు.

క పంపిన వంద కోట్లను గ బ్యాంకు అప్పటికే తన ఖాతాదారులకు ఇచ్చేసి, వాళ్ళు తీసేసుకుని ఉంటే? అది ఇంకా పెద్ద చిక్కు. వాళ్ళ వెంట పడి వసూలు చేయడం బ్యాంకు వల్ల అయ్యే పని కాదు.

ఒక్కో చెల్లింపూ ఐదువేలో పదివేలో అయితే ఒక విడత బోల్తా పడినా తట్టుకోవచ్చు. ఒక్కో చెల్లింపూ కోట్లలో ఉన్నప్పుడు ఈ పద్ధతి మీద ఆధారపడటం కుదరదు. ఆర్‌టీజీఎస్‌లో ఉదయం పదింటికి తీరిన చెల్లింపు పదింటికే తీరినట్టు. సాయంత్రం ఆ బ్యాంకు మూతపడినా దాన్ని వెనక్కి తిప్పే పని లేదు.

ఇదంతా ఊహేనా, నిజంగా ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. అందరూ చెప్పే ఉదాహరణ జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్న హెర్‌స్టాట్ బ్యాంకు. 1974 జూన్ 26న అక్కడి అధికారులు దాని లైసెన్సు రద్దు చేసి సాయంత్రం మూసేశారు. ఆ రోజు దానితో విదేశీ మారక వ్యాపారం చేసిన బ్యాంకులు తమ వైపు జర్మన్ మార్కులు అప్పటికే కట్టేశాయి. బదులుగా రావాల్సిన డాలర్లు న్యూయార్క్‌లో అందాలి. అక్కడ ఇంకా పొద్దున్నే. ఆ డాలర్లు అందలేదు. ఒక కాలు ముందుకు వేశాక రెండో కాలికి నేల లేకపోయినట్టయింది. ఈ రకం ప్రమాదానికి నేటికీ ఆ బ్యాంకు పేరే పెట్టి పిలుస్తారు.

నిజం చెప్పాలంటే హెర్‌స్టాట్ సమస్య రెండు కరెన్సీల మధ్యది. ఒక్క ఆర్‌టీజీఎస్‌తో అది తీరదు, దానికోసం 2002లో సీఎల్ఎస్ అనే ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. కానీ సెటిల్‌మెంట్ ఆలస్యమంటే అప్పేనన్న సంగతి బ్యాంకులకు తలకెక్కింది మాత్రం అక్కడే. బ్రిటన్‌లో పెద్ద చెల్లింపుల వ్యవస్థ చాప్స్ 1984లో నెట్ పద్ధతిలో మొదలై 1996లో ఆర్‌టీజీఎస్‌కు మారింది.

మన దేశంలో నాకు గుర్తున్నది 2001 మార్చి. అహ్మదాబాద్‌కు చెందిన మాధవ్‌పురా మర్కంటైల్ కోఆపరేటివ్ బ్యాంకు తన ముంబై శాఖ నుంచి స్టాక్ బ్రోకర్ కేతన్ పారేఖ్‌కు పే ఆర్డర్లు ఇచ్చింది. పే ఆర్డరంటే బ్యాంకు మాట కదా అని బ్యాంక్ ఆఫ్ ఇండియా వాటి మీద ముందే సొమ్ము ఇచ్చేసింది, 137 కోట్లు. క్లియరింగ్‌కు వెళ్ళినప్పుడు అవి చెల్లకుండా తిరిగొచ్చాయి. సెటిల్‌మెంట్ కాకముందే ఖాతాదారుకు సొమ్ము ఇవ్వడమంటే ఏంటో ఆ నెలలో మా తరం బ్యాంకు ఉద్యోగులందరికీ అర్థమైంది. రిజర్వ్ బ్యాంకు ఆర్‌టీజీఎస్ 2004 మార్చి 26న మొదలైంది.

ప్రతిదానికీ పూర్తి సొమ్ము కావాలంటే బ్యాంకులు అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాయి?

ఆర్‌టీజీఎస్‌కు ఉన్న ఖరీదు ఇదే. బ్యాంకులు దీన్ని మూడు దారుల్లో సర్దుకుంటాయి. ఒకటి, రిజర్వ్ బ్యాంకు దగ్గర ఎలాగూ ఉంచాల్సిన నగదు నిల్వను పగలు చెల్లింపులకు వాడుకోవడం. రెండు, ఉదయం నుంచి తమకు వచ్చే సొమ్మునే తిప్పి పంపడం. 375 కోట్ల చెల్లింపులకు 375 కోట్లు చేతిలో ఉండనక్కర్లేదు, వచ్చిన వంద మళ్ళీ వెళ్తుంది, వెళ్ళింది ఇంకో చోటి నుంచి వస్తుంది. మూడు, ప్రభుత్వ సెక్యూరిటీలు హామీగా పెట్టి రిజర్వ్ బ్యాంకు నుంచి ఆ ఒక్క రోజుకు అప్పు తీసుకోవడం. దీన్ని ఇంట్రాడే లిక్విడిటీ అంటారు. రోజు ముగిసేలోపు తీర్చేయాలి.

మూడో దారిలోనూ అప్పు ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది, కానీ అది ఎదుటి బ్యాంకుకు తెలియకుండా దాని నెత్తిన పడే అప్పు కాదు. హామీ పెట్టించుకుని రిజర్వ్ బ్యాంకు తెలిసి ఇచ్చేది.

అందరూ ‘ముందు నువ్వు పంపు’ అని కూర్చుంటే?

ఇది నిజంగా జరిగే పనే. దీనికి గ్రిడ్‌లాక్ అని పేరు. క బ్యాంకు గకు 100 కోట్లు, గ బ్యాంకు చకు 100, చ బ్యాంకు కకు 100 ఇవ్వాలి. ఒక్కోదాని దగ్గర 20 కోట్లే ఉన్నాయి. ఎవరూ మొదటి అడుగు వేయలేరు. ఇరుకు సందులో మూడు వైపుల నుంచీ ఆటోలు దూరినట్టు ఉంటుంది.

సొమ్ము చాలని చెల్లింపులు ఆర్‌టీజీఎస్‌లో వరసలో ఆగుతాయి. ఏది ముందు వెళ్ళాలో పంపే బ్యాంకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. 2013 అక్టోబరులో వచ్చిన కొత్త వ్యవస్థ ఈ వరసలను గమనిస్తూ, పై ఉదాహరణలోని మూడింటిలాంటివి దొరికితే వాటన్నిటినీ ఒకే క్షణంలో కలిపి తీర్చేస్తుంది. చెల్లుకు చెల్లు అన్న పాత తెలివినే ఇక్కడ వాడుకున్నారు, అయితే ఆలస్యం లేకుండా, అప్పు పుట్టకుండా. రోజు ముగిసేసరికి కూడా తీరకుండా వరసలో మిగిలినవి రద్దవుతాయి.

ఇంత మంచిదైతే 2 లక్షల లోపు ఎందుకు పంపనివ్వరు?

ప్రతి చిన్న చెల్లింపుకూ రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లో ఒక పద్దు రాస్తూ పోతే వ్యవస్థ మీద భారం, దానివల్ల తగ్గే ప్రమాదం మాత్రం స్వల్పం. ఖాతాదారుల లావాదేవీలకు కనీస మొత్తం మొదట లక్ష ఉండేది. 2010 నవంబరులో 2 లక్షలు చేశారు. పై హద్దు రిజర్వ్ బ్యాంకు పెట్టలేదు. ఆన్‌లైన్‌లో రోజుకు ఇంతే పంపాలని మీ బ్యాంకు పెట్టిన పరిమితి వేరు.

## పంపే ముందు

ఇల్లు కొంటున్నాను, 48 లక్షలు కట్టాలి. నెఫ్ట్ చేస్తే డబ్బుకు ప్రమాదమా?

మీ డబ్బుకు ప్రమాదమేమీ లేదు. ఈ విషయంలో చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. నెఫ్ట్ నెట్ పద్ధతే అయినా, బ్యాచ్ సెటిల్ అయ్యాకే అవతలి బ్యాంకు ఖాతాదారుకు జమ చేస్తుంది. కాబట్టి ముందే ఇచ్చేసి ఇరుక్కునే పరిస్థితి దానికి రాదు. నెఫ్ట్‌కూ రిజర్వ్ బ్యాంకు పై హద్దు పెట్టలేదు.

తేడా సమయంలో ఉంది. నెఫ్ట్ బ్యాచ్‌లు అరగంటకొకటి, రోజుకు 48. మీ లావాదేవీ ఏదో ఒక బ్యాచ్‌లో పడుతుంది. ఆ బ్యాచ్ సెటిల్ అయ్యాక రెండు గంటల్లోపు అవతలి ఖాతాలో వేయాలన్నది నిబంధన. సాధారణంగా తొందరగానే పడుతుంది, కానీ పడకపోతే రెండున్నర గంటల దాకా ఎవరినీ అడగలేరు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏం జరుగుతుందో ఊహించుకోండి. పదకొండున్నరకు మీ టోకెన్. అమ్మేవాళ్ళు ‘డబ్బు పడితేనే సంతకం’ అంటారు, వాళ్ళ తప్పేం లేదు. మీరు పదకొండు దాటి రెండు నిమిషాలకు నెఫ్ట్ చేశారు. అది పదకొండున్నర బ్యాచ్‌లోకి వెళ్తుంది, జమ ఎప్పుడైనా కావచ్చు. ఇద్దరు సాక్షులు, డాక్యుమెంట్ రైటర్, ఊరినుంచి వచ్చిన పెద్దాయన అందరూ ఫోన్ వైపు చూస్తూ కూర్చుంటారు. అదే ఆర్‌టీజీఎస్ అయితే అవతలి బ్యాంకు తనకు సందేశం అందిన 30 నిమిషాల్లోపు జమ చేయాలి, మామూలుగా నిమిషాల్లో అయిపోతుంది.

నా సలహా అడిగితే, డాక్యుమెంట్ ముసాయిదా ఖాయమయ్యాక, టోకెన్ సమయానికి గంట ముందు ఆర్‌టీజీఎస్ చేయండి.

బ్యాంకుకు వెళ్ళి చేయాలంటే ఏం తీసుకెళ్ళాలి?

మీ చెక్కు బుక్కు, అవతలివారి పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. చెక్కు మీద పేరు దగ్గర ‘యువర్‌సెల్ఫ్ ఫర్ ఆర్‌టీజీఎస్’ అని రాసి, బ్యాంకు వాళ్ళిచ్చే ఫారం నింపాలి. రిజర్వ్ బ్యాంకు పెట్టిన గరిష్ఠ చార్జీ 2 నుంచి 5 లక్షల వరకు రూ.24.50, ఆపైన రూ.49.50, దీనికి పన్ను అదనం. సొమ్ము అందుకునేవారికి చార్జీ ఉండదు.

ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి. అయినా ఆర్‌టీజీఎస్సేనా?

అక్కర్లేదు. ఒక బ్యాంకు లోపల ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారడమే కాబట్టి బ్యాంకుల మధ్య సెటిల్‌మెంట్ అన్న ప్రశ్నే లేదు. శాఖలు వేర్వేరు ఊళ్ళలో ఉన్నా అంతే. బ్యాంకు లోపలి బదిలీ ఎంచుకోండి, వెంటనే పడుతుంది.

ఆదివారం, పండగ రోజుల్లో వెళ్తుందా?

వెళ్తుంది. 2020 డిసెంబరు 14 నుంచి ఆర్‌టీజీఎస్ ఏడాది పొడవునా, రాత్రింబవళ్ళు నడుస్తోంది. అర్ధరాత్రి రోజు మార్చే కాసేపు మాత్రమే ఆగుతుంది. అయితే శాఖ తెరిచి ఉండదు కాబట్టి ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. కొత్తగా పేరు చేర్చుకున్న వ్యక్తికి మొదట కొన్ని గంటలు కొద్ది మొత్తమే పంపనిచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి. అందుకే ఆ పేరును రెండు రోజుల ముందే చేర్చి పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

పేరు కరెక్టుగా రాస్తే ఖాతా నంబరులో ఒక అంకె అటూఇటైనా బ్యాంకు పట్టుకుంటుందిగా?

పట్టుకోదు. జమ ఖాతా నంబరును బట్టే జరుగుతుంది, పేరును సరిచూసే బాధ్యత పంపేవారిదే. అయితే 2025 ఏప్రిల్ 1 లోపు ఒక సదుపాయం పెట్టాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వగానే ఆ ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది, ఆర్‌టీజీఎస్‌కూ నెఫ్ట్‌కూ కూడా. ఆ పేరు చదివాకే ముందుకు వెళ్ళండి. శాఖలో చేసినా చూపించమని అడగండి.

## పంపాక

నా ఖాతాలో కట్ అయింది, వాళ్ళకు పడలేదు. డబ్బు ఎక్కడుంది?

మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది.

మీ బ్యాంకులోనే ఆగి ఉండొచ్చు. మీ ఖాతాలో తీసేశారు కానీ సందేశం ఇంకా బయటికి పోలేదు. శాఖలో ఫారం ఇచ్చినప్పుడు, పై అధికారి ఆమోదం కావలసినప్పుడు ఇది జరుగుతుంది. లేదా రిజర్వ్ బ్యాంకు వ్యవస్థలో వరసలో ఉండొచ్చు, ఇది అరుదు. లేదా సెటిల్ అయి అవతలి బ్యాంకుకు చేరి, అక్కడ ఖాతాలో పడకుండా ఉండొచ్చు.

ఏది అన్నది కనుక్కునే పద్ధతి సులభం. మీ బ్యాంకును ‘పోయిందా’ అని అడగకండి, ‘సెటిల్ అయిందా, ఎన్ని గంటలకు’ అని అడగండి. సెటిలైన సమయం చెప్పగలిగితే ఇక బాధ్యత అవతలి బ్యాంకుది. సందేశం అందిన 30 నిమిషాల్లో అది జమ చేయాలి. ఖాతా మూసేసి ఉండటం లాంటి కారణంతో వేయలేకపోతే గంటలోపు, లేదా ఆ రోజు ఆర్‌టీజీఎస్ ముగిసేలోపు, ఏది ముందైతే అప్పటికి తిప్పి పంపాలి. అంతకంటే ఆలస్యమైతే రెపో రేటు మీద 2 శాతం కలిపి ఆ రోజులకు పరిహారం ఇవ్వాలి.

కొనేవాళ్ళు యూటీఆర్ నంబరు చూపించారు. సంతకం పెట్టేయొచ్చా?

వద్దు. యూటీఆర్ ఇచ్చేది పంపే బ్యాంకు. సందేశం తయారైనప్పుడే ఆ నంబరు పుడుతుంది. సెటిల్‌మెంట్ ఆ తర్వాతి సంగతి. కాబట్టి అది పంపినట్టు గుర్తే కానీ అందినట్టు రుజువు కాదు. పైగా స్క్రీన్‌షాట్‌లో ఏ అంకెలైనా దిద్దవచ్చు.

ఆర్‌టీజీఎస్ యూటీఆర్‌లో 22 అక్షరాలుంటాయి. నమూనాగా ఇలా:

```
XXXXR52025061200012345
```

మొదటి నాలుగు బ్యాంకు కోడ్, R అంటే ఆర్‌టీజీఎస్, తర్వాతి అంకె ఏ మార్గంలో పంపారన్నది, ఆపైన ఎనిమిది తేదీ, చివరి ఎనిమిది వరస సంఖ్య. ‘ఆర్‌టీజీఎస్ చేశాం’ అని 16 అక్షరాల నంబరు చూపిస్తే అది నెఫ్ట్ అయ్యుండొచ్చు. తేదీ నిన్నటిదైతే ఎందుకో అడగండి. ఇవన్నీ సరిపోయినా మీ ఖాతాలో మీరే చూసుకుని, అప్పుడు సంతకం పెట్టండి. సేల్ డీడ్‌లో ఆ నంబరు, తేదీ రాయించుకోవడం మాత్రం మంచి అలవాటు.

తప్పు ఖాతాకు వెళ్ళింది. వెంటనే చెప్తే ఆపేస్తారా?

సెటిల్ అయితే ఆపలేరు. 2007 నాటి చెల్లింపుల, పరిష్కార వ్యవస్థల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సెటిల్‌మెంట్ తుది నిర్ణయం, వెనక్కి తీసుకోలేనిది. ఈ మాట వినగానే ఖాతాదారులకు బ్యాంకు మీద కోపం వస్తుంది. కానీ అమ్మేవాళ్ళ వైపు నుంచి చూడండి: మీరు సంతకం పెట్టి ఇల్లు రాసిచ్చాక, కొన్నవాళ్ళు ఫోన్ చేసి చెల్లింపు ఆపించగలిగితే మీ గతి ఏంటి? పెద్ద మొత్తాలకు ఆర్‌టీజీఎస్‌ను నమ్మేది వెనక్కి రాదన్న ఆ గుణం వల్లే. అదే మన పొరపాటుకూ వర్తిస్తుంది.

చేయగలిగింది ఒకటే. మీ బ్యాంకుకు వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్ళు అవతలి బ్యాంకుకు తెలియజేస్తారు. ఆ ఖాతాదారు ఒప్పుకుంటే సొమ్ము తిరిగొస్తుంది, ఒప్పుకోకపోతే పోలీసు ఫిర్యాదు, కోర్టు. మా దగ్గర ఒకాయన చివరి అంకెలు తారుమారు చేసి తొమ్మిది లక్షలు ఎవరికో పంపారు. అవతలి మనిషి మంచివాడు కావడంతో పదకొండు రోజుల్లో తిరిగొచ్చాయి. ఆ పదకొండు రోజులూ ఆయన రోజూ ఉదయం పదింటికి నా బల్ల ముందు కూర్చునేవారు.

డబ్బు నా ఖాతాలో పడ్డాక పంపిన బ్యాంకు మూతపడితే?

మీకేం కాదు. ఆ సొమ్ము రిజర్వ్ బ్యాంకు పుస్తకాల్లో అప్పటికే మీ బ్యాంకుకు మారిపోయింది.

మరి నా బ్యాంకే మూతపడితే?

అది సెటిల్‌మెంట్ ప్రశ్న కాదు, డిపాజిట్ ప్రశ్న. ఆర్‌టీజీఎస్ కాపాడేది బ్యాంకుల మధ్య దారినే. సొమ్ము మీ ఖాతాలో చేరాక అది మీరు మీ బ్యాంకుకు ఇచ్చిన అప్పుతో సమానం. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి, అన్ని డిపాజిట్లూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ఇల్లు అమ్మిన 48 లక్షలు చిన్న బ్యాంకులో నెలల తరబడి ఉంచేవాళ్ళు ఆలోచించుకోవాల్సింది ఇది.